హాలుకు సోఫా తప్పనిసరి అన్నదెవరు?

ఫ్లాట్ తాళాలు చేతికి రాగానే మనవాళ్ళు టేపు పట్టుకుని మొదట కొలిచేది సోఫా పట్టే గోడ. హాలు వెడల్పు పదడుగులైనా సరే, ఎల్ షేప్ సోఫా పడాల్సిందేనని ఇంటీరియర్ వాళ్ళంటారు, బంధువులంటారు, పక్క ఫ్లాటు వాళ్ళు కూడా అంటారు. కింద కూర్చునే ఏర్పాటు చేసుకుందామని ఎవరైనా నోరు తెరిస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది: మోకాళ్ళు పోతాయి, వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, అయినా అది ఫొటోలకు బాగుంటుంది గాని రోజూ వాడుకునేది కాదు. చిన్న హాళ్ళకు సామాన్లు చేయించడం నా పని. ఈ మాటలు విని విని, దివాన్ వేసుకోవాలని మనసులో ఉన్నవాళ్ళు కూడా చివరికి సోఫాకే డబ్బు కట్టడం చూశాను. ఈ వాదన తప్పు. ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో కొలతలతోనే చెబుతాను.

మామూలు రెండు పడకగదుల ఫ్లాట్ హాలు తీసుకుందాం. పొడవు 13 అడుగులు, వెడల్పు 10. పొడవు గోడకు సోఫా వేస్తే అది 3 అడుగుల లోతు తింటుంది. కాళ్ళు పెట్టుకోవడానికి అడుగున్నర, సెంటర్ టేబుల్‌కు 2 అడుగులు, ఎదుటి గోడకు టీవీ యూనిట్ అడుగుంబావు. మొత్తం ఏడుముప్పావు. నడవడానికి మిగిలింది రెండుంబావు అడుగులు. వీధి తలుపు నుంచి పడకగదుల వైపు ఇంట్లోవాళ్ళంతా రోజంతా తిరిగేది ఆ సందులోంచే. ఇంత స్థలమిచ్చి మనం సంపాదించింది ఐదారుగురు కూర్చునే చోటు. పండక్కో పేరంటానికో పన్నెండు మంది వచ్చారంటే ప్లాస్టిక్ కుర్చీలు దించాలి, వాటిని వేయడానికి సెంటర్ టేబుల్‌ను పడకగదిలోకి మోయాలి. పిల్లలు ఆడుకోవడానికి నేల లేదు, బట్టలు మడతపెట్టుకోవడానికి చోటు లేదు. ఇలాంటి హాలు ఇరుకుగా ఉందని బిల్డర్‌ను తిట్టుకుంటాం. ఇరుకు చేసింది గోడలు కావు, వాటి మధ్య మనం కదలకుండా పాతిన సామాను.

అయితే కింద కూర్చోవడానికి ఇంత చెడ్డపేరు ఎందుకు వచ్చింది? ఈ తప్పు కొంత మావాళ్ళదే. "ఇండియన్ కార్నర్" పేరుతో రెండంగుళాల పరుపు, దాని మీద రంగురంగుల మెత్తటి దిండ్లు, పక్కన ఇత్తడి దీపం పెట్టి అమ్మేస్తున్నారు. దాని మీద ఎవరు కూర్చున్నా పావుగంటలో కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడుము వంగిపోతుంది. నెల తిరిగేసరికి అది ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టల కుప్ప అవుతుంది. దాన్ని చూసి కింద కూర్చోవడం ఈ కాలానికి కుదరదని తేల్చేస్తారు. కుదరనిది ఆ పరుపు మందం, ఆ దిండు మెత్తదనం.

ఎందుకు కుదరదో ఒంటి లెక్క చూస్తే తెలుస్తుంది. బాసింపట్టు వేసుకుని చదునైన నేల మీద కూర్చున్నప్పుడు, తుంటి బిగుసుకుపోయిన మనిషికి మోకాళ్ళు నేలకు ఆనవు, తుంటి కంటే పైకి లేస్తాయి. దాంతో కటి వెనక్కి ఒరుగుతుంది, నడుము గుండ్రంగా వంగుతుంది, బరువంతా వెన్ను అడుగు భాగం మీద పడుతుంది. సంవత్సరాల తరబడి కుర్చీలో పనిచేసిన మనలో చాలామంది పరిస్థితి ఇదే. దీనికి మందు తేలిక: కూర్చునే చోటు నాలుగైదు అంగుళాలు లేవాలి, కూర్చున్నాక కూడా ఆ ఎత్తు నిలవాలి. అప్పుడు మోకాళ్ళు పరుపు అంచు మీదకు దిగుతాయి, నడుము దానంతట అదే నిలబడుతుంది. రెండంగుళాల ఫోమ్ మీద మనిషి కూర్చుంటే మిగిలే మందం అరంగుళం. అది ఉన్నా లేకపోయినా ఒకటే.

అందుకే నేను చేయించే గద్దె మూడడుగుల చదరం, ఐదంగుళాల మందం, గట్టిగా కూరిన పత్తి. ఒక్కోటి ఎనిమిది తొమ్మిది కిలోలు తూగుతుంది. అంతకంటే బాగా తేలికగా ఉంటే దూది తక్కువ పెట్టారని అర్థం. పరీక్ష కూడా సులువే. పది నిమిషాలు కూర్చుని, కూర్చున్న చోటే గుప్పిటతో గట్టిగా నొక్కండి. కింద టైలు గట్టిదనం తగిలితే అది గద్దె కాదు. పత్తి రెండు మూడేళ్ళకు గడ్డకడుతుంది, అప్పుడు ఏకించి మళ్ళీ కుట్టించాలి. ఆ పని చేసేవాళ్ళు మీ ఊళ్ళో దొరకకపోతే రబ్బరు పట్టించిన కొబ్బరిపీచు పలక అడుగున, పైన అంగుళం పత్తి వేయించుకోండి. మెత్తగా ఉంటుందని ఉత్త ఫోమ్ జోలికి మాత్రం పోవద్దు.

మూడడుగులే ఎందుకంటే, బాసింపట్టు వేసుకున్న మనిషికి మోకాలి నుంచి మోకాలి దాకా రెండున్నర అడుగులు పడుతుంది, వీపు నుంచి మోకాళ్ళ దాకా ముందుకు రెండడుగుల పైచిలుకు. వెనక బాలీసు తొమ్మిదంగుళాలు తీసుకుంటుంది. ముప్ఫై ఆరులో తొమ్మిది పోతే ఇరవై ఏడు మిగిలాయి, సరిగ్గా చాలుతుంది. బజారులో దొరికే రెండున్నర అడుగుల పరుపు మీద బాలీసు పెడితే మోకాళ్ళు బయటికి వేలాడతాయి. అప్పుడు జనం బాలీసు తీసి పక్కన పడేస్తారు, నడుము నొప్పి మొదలవుతుంది, నింద మాత్రం నేలకు వస్తుంది.

ఈ ఏర్పాటంతా నిలబడేది బాలీసు మీద. దాన్ని అలంకారంగా చూడటమే పెద్ద పొరపాటు. గోడకు ఆనుకుని కూర్చుంటే భుజాలు తగులుతాయి గాని నడుముకు, గోడకు మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో దిగి నడుమును ముందుకు నెట్టి ఉంచడమే బాలీసు పని. తొమ్మిదంగుళాల లావు, రెండున్నర అడుగుల పొడవు ఉన్న బాలీసులో కనీసం మూడు కిలోల దూది పట్టాలి. రెండు చేతులతో నడిమికి విరిచినా వంగకూడదు. పాలిస్టర్ పీచు కూరినవి దుకాణంలో బొద్దుగా కనిపిస్తాయి, నెలలోపే చపాతీలా అణిగిపోతాయి. బూరుగుదూది మెత్తగా, తేలిగ్గా ఉంటుంది, తల కింద దిండుకు దానికి మించింది లేదు, నడుము వెనక బాలీసుకు మాత్రం పనికిరాదు.

నమ్మకం కలగకపోతే హైదరాబాద్ బార్కాస్‌లో మండీ హోటళ్ళకు వెళ్ళి చూడండి. యెమెన్ వైపు నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే పేట అది. అక్కడ గద్దెలు గట్టిగా ఉంటాయి, వీపుకు ఆనుకునేవి గట్టిగా ఉంటాయి, ఇద్దరి మధ్య మోచేయి పెట్టుకునే దిండు కూడా గట్టిగానే ఉంటుంది. కింద కూర్చోవడం మావల్ల కాదనే కుటుంబాలే అక్కడ పెద్ద పళ్ళెం చుట్టూ చేరి గంటన్నర కదలకుండా తింటాయి. ఒంట్లో శక్తి మారలేదు, కూర్చునే చోటు సరిగా ఉంది.

ఇక మోకాళ్ళ సంగతి. ఇందులో రెండు వైపులా అతి ఉంది. నేల మీద కూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందని ప్రచారం చేసేవాళ్ళు 2012లో వచ్చిన బ్రెజిల్ అధ్యయనాన్ని చూపిస్తుంటారు. క్లాడియో జిల్ అరౌజో బృందం 51 నుంచి 80 ఏళ్ళ లోపు 2,002 మందిని నేల మీద కూర్చుని లేవమని పరీక్షించింది. చేతి ఆసరా లేకుండా లేవగలిగినవాళ్ళలో తర్వాతి ఏళ్ళలో మరణాలు తక్కువగా కనిపించాయి. ఆ పరీక్ష కొలిచింది కండబలాన్ని, కీళ్ళ కదలికను, నిలకడను. హాల్లో గద్దె వేసుకుంటే ఎక్కువకాలం బతుకుతారని అందులో లేదు, అలా వాడుకోవడం మోసం. కాని కింద కూర్చుంటే ఎవరికైనా మోకాళ్ళు అరుగుతాయనడం కూడా అంతే తప్పు. అరిగిన మోకాలికి బాసింపట్టు వద్దని డాక్టర్లు చెప్పేది అరిగినవాళ్ళకు. ఇంట్లో ఒకరికి ఉన్న ఇబ్బంది చూపించి ఐదుగురినీ సోఫా ఎక్కించనక్కర్లేదు. ఆ ఒక్కరి కోసమే ఈ ఏర్పాటులో దివాన్ ఉంది.

దివాన్ గురించి వడ్రంగితో నాకు ప్రతిసారీ ఒకే వాదన. "మేడమ్, దివానంటే మూడడుగుల వెడల్పే కదా, ఆరుకు మూడు చెక్క వచ్చేసింది" అంటాడు. పడుకోవడానికైతే సరే. పెద్దావిడ కాళ్ళు కిందకు పెట్టి కూర్చోవాలంటే తొడ పొడవుకు తగ్గట్టు ఇరవై ఇరవై ఒక్క అంగుళాల లోతు చాలు. మూడడుగుల దివాన్ మీద వీపు వెనక్కి ఆన్చాలంటే పాదాలు గాలిలో వేలాడతాయి, పాదాలు నేలకు ఆన్చాలంటే వీపుకు ఆసరా ఉండదు. దివాన్ మీద కూర్చుంటే నడుము లాగుతోందని పెద్దవాళ్ళు అనేది ఇందుకే. రెండున్నర అడుగుల వెడల్పు చేయించి, వెనక తొమ్మిదంగుళాల బాలీసులు వేస్తే లెక్క సరిపోతుంది. అతిథి ఒకరు పడుకోవాలంటే బాలీసులు తీసేస్తే చాలు.

ఎత్తు ఎప్పుడూ మనిషి కూర్చున్నాకే కొలవాలి. పదమూడు అంగుళాల చట్రం మీద నాలుగంగుళాల గట్టి ఫోమ్ వేస్తే పైకి పదిహేడు వస్తుంది, కూర్చుంటే అంగుళం దిగుతుంది. ఐదడుగుల ఎత్తున్న ఆవిడకు పాదాలు పూర్తిగా నేలకు ఆని, తొడ మోకాలి వైపుకు కొద్దిగా వాలి ఉంటే లేవడం తేలిక. తొడ సమంగా గాని, మోకాలి వైపు పైకి గాని ఉంటే ఆవిడ చెయ్యి ఆసరా కోసం వెతుకుతుంది. దివాన్ ఒక చివర ఎనిమిది తొమ్మిది అంగుళాల ఎత్తున చెయ్యి ఆన్చుకునే పట్టీ పెట్టించండి. లేచేటప్పుడు అదే ఆసరా. కింద గద్దె మీద నుంచి లేచేవాళ్ళకు కూడా దివాన్ అంచే ఆసరా అవుతుంది. అందుకే గద్దెలకు ఆనించే దివాన్ వేయాలి, ఎదుటి గోడకు కాదు. అడుగున పెట్టెలు పెట్టించుకోవాలన్న ఆశ అందరికీ ఉంటుంది. కాళ్ళ ఎత్తు ఆరంగుళాలు వదిలేసి అడుగు తుడుచుకునేలా ఉంచడమే మేలు.

మనం అనుకున్న కొలతలే ఉన్న ఒక ఇంటి హాల్లో దీన్నంతా ఇలా అమర్చాను. పొడవు గోడ వెంబడి పడకగదుల వైపు చివర ఆరడుగుల దివాన్, అది ఆ ఇంటి అత్తగారి చోటు. దాని పక్కనే బాల్కనీ వైపుకు రెండు గద్దెలు, ఆరడుగులు. బాల్కనీ తలుపు పక్కన మిగిలిన నాలుగడుగుల గోడకు, మూలకు కాస్త ఎడంగా మూడో గద్దె. నాలుగోది దాని మీదే పేర్చి ఉంటుంది, మనిషి వచ్చినప్పుడు ఎదురుగా లాగుతారు. టీవీ కింద ఉన్న యూనిట్ తీసేసి అడుగు లోతు అర పెట్టాం. మధ్యలో ఆరడుగుల వెడల్పున నేల ఖాళీ. రోజూ దివాన్ మీద ఇద్దరు, కింద నలుగురు కూర్చుంటారు. ఎక్కువమంది వస్తే మధ్యలో జంపఖానా పరిస్తే ఇంకో ఎనిమిది మంది ఇబ్బంది లేకుండా సర్దుకుంటారు. వరంగల్ కొత్తవాడ నేత జంపఖానా దీనికి చక్కగా సరిపోతుంది. నూలుది కాబట్టి ఇంట్లోనే ఉతుక్కోవచ్చు, మడిచి దివాన్ కిందకు తోసెయ్యొచ్చు.

బల్లల దగ్గర అందరూ తప్పటడుగు వేస్తారు. సెంటర్ టేబుల్‌నే కాళ్ళు కోసి పొట్టి చేస్తే చాలనుకుంటారు. ఐదంగుళాల గద్దె కూర్చుంటే నాలుగుకు దిగుతుంది. ముడిచిన తొడలు దాని పైన ఐదారంగుళాలు వస్తాయి. కాబట్టి బల్ల పైభాగం పన్నెండంగుళాల ఎత్తుంటే పళ్ళెం పెట్టుకుని తినొచ్చు, పిల్లలు రాసుకోవచ్చు. ఎనిమిదంగుళాలైతే వంగి తినాలి. బల్ల పలక కింద చుట్టూ కొట్టే అడ్డపట్టీ ఉండకూడదు, అది మోకాలికి తగులుతుంది. ఒక పెద్ద బల్ల కంటే అడుగున్నర చదరంవి రెండు మూడు ఉంటే, ఎవరి ముందుకు వాళ్ళు లాక్కుంటారు, పని కాగానే గోడవారగా ఒకదానిలో ఒకటి దూర్చేస్తారు. దివాన్ మీద కూర్చున్నావిడకు ఈ బల్ల అందదు. ఆవిడ కాఫీ గ్లాసు కోసం ఇరవై అంగుళాల ఎత్తు ముక్కాలి బల్ల వేరుగా పెట్టాలి. ఇది మరచిపోతే ఆ పెద్దావిడ ప్రతి గుక్కకూ వంగాలి.

మర్యాద ప్రశ్న అన్నిటికన్నా బరువైనది, దీన్ని తేలిగ్గా కొట్టేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. మన ఊళ్ళలో మంచం మీద ఎవరు కూర్చోవాలో, నేల మీద ఎవరు కూర్చోవాలో కులం నిర్ణయించింది. దొర ఎదుట మంచం మీద కూర్చునే హక్కు లేని తాతల మనవలు ఇవాళ సొంత ఇంట్లో సోఫా కొనుక్కుంటే, అది ఆడంబరం అనే అర్హత ఎవరికీ లేదు. కాని అక్కడ అవమానం నేలలో లేదు. ఒకరు పైన కూర్చుని ఇంకొకరిని కింద కూర్చోబెట్టడంలో ఉంది. ఆ అవమానం సోఫా ఉన్న ఫ్లాట్లలో ఇవాళ్టికీ నడుస్తోంది: యజమానులు సోఫాలో కూర్చుంటే, పనమ్మాయి టీ గ్లాసుతో తలుపు పక్కన నేల మీద కూర్చుంటుంది. సోఫా పెట్టినంత మాత్రాన మర్యాద వచ్చేస్తే ఆ అమ్మాయికి కూడా రావాలి.

కాబట్టి దివాన్, గద్దెలు కలిపి వేసిన ఇంట్లో నేను రెండు నియమాలు చెబుతాను. వచ్చినవాళ్ళు గద్దె మీద కూర్చుంటే ఇంటివాళ్ళు దివాన్ ఎక్కకూడదు, మోకాలి నొప్పి ఉన్నవాళ్ళకే మినహాయింపు. పనికి వచ్చిన మనిషి కూర్చునేదీ అదే గద్దె మీద. సామాను అమరికలో కూడా ఇది కనబడాలి. దివాన్ ఎదురుగా గద్దెలు వేస్తే పైన ఉన్నవాళ్ళ పాదాలు కింద ఉన్నవాళ్ళ ముఖానికి ఎదురవుతాయి. పక్కవాటుగా వేస్తే అవ్వవు, ఎత్తులో తేడా ఉన్నా కళ్ళు కలుస్తాయి. పక్కపక్కనే వేయించడానికి ఇది రెండో కారణం.

రోజూ వాడేది కాదన్న మాటకు జవాబు నిర్వహణలో ఉంది. పరుపును నేరుగా విట్రిఫైడ్ టైల్ మీద వేసి నెలల తరబడి కదపకపోతే అడుగున చెమ్మ చేరుతుంది. ఒంటి వేడికి దిగిన తడి కిందకు పోతుంది, టైలు దాన్ని పీల్చుకోదు. విశాఖ, విజయవాడ వానాకాలంలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. వారానికోసారి గద్దె ఎత్తి అడుగున అరచెయ్యి ఆన్చి చూడండి. చల్లగా, జిగటగా తగిలినా, ముక్క వాసన వచ్చినా ఆలస్యం చేయకూడదు. నల్లచుక్కలు కనిపించాక ఉతికినా పోవు. గద్దె కింద రెండంగుళాల ఎత్తు చెక్కపట్టీల చట్రం వేస్తే గాలి ఆడుతుంది. అప్పుడు మొత్తం ఎత్తు పెరుగుతుంది కాబట్టి బల్లకు కూడా రెండంగుళాలు కలపాలి. చట్రం వద్దనుకుంటే కొబ్బరిపీచు చాప వేసి, వారానికోసారి గద్దెను గోడకు నిలబెట్టి ఆరనివ్వాలి. తొమ్మిది కిలోలే కాబట్టి ఎవరైనా చేయగలరు. సోఫా అడుగున ఏముందో చూడాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి.

గోడ సంగతి ఎవరూ ముందు చెప్పరు. బాలీసు నడుముకే ఆసరా. తల వెనక్కి వాలిస్తే నేల నుంచి మూడడుగుల ఎత్తున గోడకు తగులుతుంది, కొబ్బరినూనె మరక వలయంలా పడుతుంది. అక్కడిదాకా కడగదగ్గ పెయింటు వేయించండి, లేదా చెక్క పలక బిగించండి. చాలా ఫ్లాట్లలో అడుగు ఎత్తున ప్లగ్ పాయింట్లు ఉంటాయి, వాటి ముందు బాలీసు పెట్టి ఫోన్ చార్జర్ లోపల వదిలేయకూడదు. ఒక పాయింటును బల్ల ఉండే వైపుకు మార్పించుకోవడం మేలు.

టీవీని దించకుండా ఈ ఏర్పాటు మొదలుపెట్టవద్దు. గద్దె మీద కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి ముప్ఫై రెండు అంగుళాల దగ్గర ఉంటుంది, దివాన్ మీద ఉన్నవాళ్ళది నలభై నాలుగు. మన ఇళ్ళలో తెర మధ్యభాగం నాలుగడుగులకు పైనే బిగిస్తారు. కింద కూర్చున్నవాళ్ళు సినిమా అంతా మెడ ఎత్తి చూస్తారు, మెడనొప్పి మళ్ళీ గద్దె ఖాతాలో పడుతుంది. ముప్ఫై ఎనిమిది దగ్గర బిగిస్తే ఇద్దరికీ సర్దుబాటు అవుతుంది.

ఈ ఏర్పాటు వద్దని నేనే చెప్పే ఇళ్ళు ఉన్నాయి. ఇంట్లో ఉన్న ఇద్దరికీ మోకాళ్ళో తుంటో మార్చి ఉంటే గద్దెలు వేయించను, తగిన ఎత్తున రెండు చేతికుర్చీలు, ఒక దివాన్ వేయిస్తాను. గోడలు చెమ్మపట్టే కింది అంతస్తులో ముందు చెమ్మ సంగతి తేల్చుకోమంటాను. చెప్పులు వేసుకుని హాల్లోకి వచ్చే అలవాటు మానుకోలేని ఇంట్లో కూడా వద్దంటాను. మిగతా ఇళ్ళకు నా సలహా: అడ్వాన్స్ కట్టకముందే ఒక గద్దె, ఒక బాలీసు, ఒక బల్ల మాత్రం చేయించుకుని, ఇంటిల్లిపాదీ వంతులవారీగా పదిహేను రోజులు వాడండి. ఆ తర్వాత కూడా సోఫా కావాలనిపిస్తే కొనుక్కోండి, దుకాణం ఎక్కడికీ పోదు.